సుద్దతో రాసిన బరువు

పట్టాభి గారి ఇనుప పనుల షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఇనుప ప్లేటు ఎంత చిన్నదైనా సరే, దాని మీద సుద్దముక్కతో బరువు రాస్తే తప్ప, ప్లేట్లు ఎత్తే మట్టయ్య దానికి గొలుసు తగిలించడు. యజమాని వచ్చి అరిచినా తగిలించడు. "అంకె లేంది చెయ్యెయ్య సార్" అని బీడీ ముట్టించుకుని పక్కన కూర్చుంటాడు. పట్టాభి గారు కోస్తా నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడి పాతికేళ్ళయింది. అన్నీ తెలిసిన మనిషి, నోరు గట్టి మనిషి. అయినా మట్టయ్య దగ్గర మాత్రం ఆయన నోరు పనిచేసేది కాదు. రెండు నిమిషాలు విసుక్కుని, "అమ్మా ప్రసన్నా, ఆ మహానుభావుడికి అంకె వేసి రావమ్మా" అని ఆఫీసు గదిలోకి కేకేసేవారు.

అంకె వేయడం ప్రసన్న పని. డ్రాయింగులు చదవడం, ఏ పనికి ఎంత ఇనుము కావాలో లెక్క కట్టడం, ప్లేటు ఎత్తే ముందు దాని మీద బరువు రాయడం. ఆమెది పోచంపల్లి వైపు నేత కుటుంబం. మగ్గం కూడు పెట్టక తండ్రి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో చేరాడు. కూతురు పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, తొమ్మిదేళ్ళ కిందట, ఇరవై రెండేళ్ళ వయసులో ఈ రేకుల షెడ్డులో అడుగుపెట్టింది. ఆ షెడ్డు పెద్ద అంబర్‌పేట్ వెళ్ళే రోడ్డుకు లోపలగా, లారీల బాడీలు కట్టే సందులో ఉంటుంది. పొద్దున్నించి సాయంత్రం దాకా సుత్తి మోత. మొదటి వారం ఆమెకు తలనొప్పి తగ్గలేదు. తర్వాత ఆదివారాలు ఆ మోత లేకపోతేనే తోచేది కాదు.

లెక్క ఆమెకు కాలేజీలో చెప్పారు. నిజంగా నేర్పింది మాత్రం మట్టయ్యే. అల్మాస్‌గూడ మనిషి, అరవైకి రెండేళ్ళు తక్కువ, అక్షరం ముక్క రాదు. అంకెలు మాత్రం వస్తాయి.

"గింతేనే బిడ్డా," అన్నాడు చేరిన కొత్తలో, టేపు సాగదీసి ఆమె చేతికి ఒక కొస ఇచ్చి. "మీటరు పొడుగు, మీటరు ఎడల్పు, ఒక్క మిల్లీ మందం. గంత ముక్క ఎనిమిది కిలోలకు జర తక్కువ తూగుతది. పొడుగు ఎడల్పు గుణించు, మందంతోని గుణించు, ఎనిమిదితోని గుణించు. అయిపాయె."

"ఏడు పాయింట్ ఎనిమిది అయిదు కాకా," అంది ప్రసన్న, కొత్త డిప్లొమా కదా, ఊరుకోలేక. "ఉక్కు ఒక ఘనమీటరుకు ఏడువేల ఎనిమిదొందల యాభై కిలోలుంటది. మిల్లీ అంటే మీటరుల వెయ్యో వంతు. అందుకని ఏడు పాయింట్ ఎనిమిది అయిదు."

"నీ పాయింటు నువ్వే ఉంచుకో. ఎనిమిది పెట్టుకుంటె ఎప్పటికైనా జర ఎక్కువే ఒస్తది. ఎక్కువనుకోని ఎత్తితె మనిషికి నష్టం లేదు."

ఆ మాటకు ఆమె నవ్వింది. తర్వాత తొమ్మిదేళ్ళలో ఎన్ని వందల ప్లేట్ల మీద అంకె వేసిందో లెక్కలేదు. ఒక్కటి తప్పలేదు. తప్పకపోవడమే కొంప ముంచింది. ఎప్పుడూ తప్పని మనిషిని ఎవరూ మళ్ళీ అడగరు. అడిగినా ఆ మనిషి వినదు.

*

ఆ గురువారం షెడ్డుకు నలభై మిల్లీల ప్లేటొకటి వచ్చింది. రెండు మీటర్ల అయిదు సెంటీమీటర్ల చదరం. ఒక పెద్ద ట్యాంకు మూతికి రింగు కావాలి. రింగు బయటి వ్యాసం రెండు మీటర్లు, లోపలి వ్యాసం ఒక మీటరు నలభై సెంటీమీటర్లు. అంటే ఆ చదరపు ప్లేటును గ్యాసు కటింగు బల్ల మీద పెట్టి, మొదట మధ్యలో పెద్ద బిళ్ళను కోసి తీసేయాలి. తర్వాత చుట్టూ గుండ్రంగా కోసి, నాలుగు మూలలు పడేయాలి. మిగిలేది రింగు.

డ్రాయింగు కింద మూలన ఒక గడిలో బరువు అచ్చు వేసి ఉంది. అయిదు వందల మూడు కిలోలు.

పదకొండింటికల్లా ఇంకో పనికి కావలసిన రేకుల జాబితా పంపాలని పట్టాభి గారు పొద్దున్నుంచి ప్రసన్న నెత్తిన కూర్చున్నారు. "ప్లేటొచ్చింది, అంకె కావాలట" అని ఎవరో కేకేశారు. ప్రసన్న డ్రాయింగు చేత్తో పట్టుకుని గబగబా బయటికి నడిచింది. గడిలోని అంకె చూసింది, ప్లేటు మీద సుద్దతో 503 అని పెద్దగా రాసింది, తిరిగి లోపలికి వచ్చి కూర్చుంది. మామూలుగా ఆమె చేతిలో డ్రాయింగు, టేపు రెండూ ఉంటాయి. ఆ రోజు టేపు బల్ల మీదే ఉండిపోయింది.

ఆ అంకె తప్పు కాదు, అదే కదా శాపం. రింగు బరువు అయిదు వందల మూడే. కానీ బల్ల మీదికి ఎత్తాల్సింది రింగును కాదు. రింగు ఇంకా ప్లేటు కడుపులోనే ఉంది. మధ్య బిళ్ళ పోలేదు, మూలలు పోలేదు. ఏదీ కోయలేదు. ఎత్తబోయేది మొత్తం ప్లేటును.

రెండు నిమిషాల తర్వాత మట్టయ్య ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అతను ఎప్పుడూ గుమ్మం దాటి లోపలికి రాడు. కాళ్ళకు గ్రీజు ఉంటుందని.

"బిడ్డా, అయిదొందలేనా గిది? జర మందంగ కానొస్తుంది కండ్లకు."

ప్రసన్న తల ఎత్తలేదు. వేళ్ళు కీబోర్డు మీదే ఉన్నాయి.

"డ్రాయింగుల అచ్చు వేసి ఉంది కాకా. నా మీద నమ్మకం లేకుంటే నువ్వే లెక్క చేస్కో."

వేళాకోళంగానే అంది. ఆమెకు ఆ మాట అన్నట్టు గుర్తు కూడా ఉండేది కాదు, తర్వాత జరిగింది జరగకపోతే.

"అబ్బో, సదువుకున్న బిడ్డ మీద నమ్మకం లేకుంటె ఎట్ల," అని మట్టయ్య నవ్వి వెళ్ళిపోయాడు.

షెడ్డులో గొలుసు లాగి బరువులెత్తే చైన్ పుల్లీలు రెండు ఉన్నాయి. ముప్పావు టన్నుది కటింగు బల్ల మీదే ఎప్పుడూ వేలాడుతుంటుంది. రెండు టన్నులది అవతలి కొసన, లారీలు ఆగే గేటు దగ్గర ఉంటుంది. దాన్ని దింపి, ఇవతలికి తెచ్చి, మళ్ళీ ఎక్కించాలంటే ఇద్దరు మనుషులు, అరగంట సమయం. అంకె ఏడు వందల యాభై దాటితే పెద్దది తేవాలి, దాటకపోతే చిన్నది చాలు. ఇది కూడా మట్టయ్య పెట్టిన నియమమే. ప్లేటు మీద 503 ఉంది. మట్టయ్య చిన్న పుల్లీ గొలుసు లాగాడు.

ప్లేటు నడుమెత్తు లేచేసరికి పుల్లీ కొక్కెం విచ్చుకుంది. మూడు వందలో నాలుగు వందలో ఎక్కువైతే ఆ పాత కొక్కెం ఓర్చుకునేదేమో. ఆ రోజు దానికి తగిలింది అది మోయగల బరువుకు దాదాపు రెట్టింపు.

ప్లేటు ఒక పక్కకు ఒరిగి జారింది. అవతలి వైపు ప్లేటు తిరగకుండా చెయ్యేసి పట్టుకున్న వెల్డర్ మధును బల్ల కాళ్ళకు అదిమేసింది. ఒక మూల మట్టయ్య ఎడమ పాదం మీద పడింది. ఆ చప్పుడుకు ప్రసన్న లేచి బయటికి పరుగెత్తింది. ఆమె కళ్ళు ముందు మధు మీదికి పోలేదు. అది ఆమె తర్వాత ఎవరికీ చెప్పుకోలేకపోయిన సంగతి. కళ్ళు ముందు సుద్ద అంకె మీద పడ్డాయి. ఆ పొద్దున మొదటిసారి ఆమె ప్లేటును చూసింది. రింగును కాదు, ప్లేటును. రెండు అయిదు, రెండు అయిదు, నలభై. లెక్క దానంతట అదే కదిలింది. నాలుగు చదరపు మీటర్ల పైన, నలభై మిల్లీలు, ఏడు పాయింట్ ఎనిమిది అయిదు. పదమూడు వందల ఇరవై కిలోలు.

మధుకు నలభై ఏళ్ళు. మీర్‌పేట్‌లో ఇల్లు. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది.

*

పోలీసులు వచ్చేలోపు పట్టాభి గారు తడిపిన గుడ్డముక్క తెచ్చి, ప్లేటు మీద అంకెను తుడిచేశారు. ఎవరికీ కనపడకుండా తుడవలేదు. ప్రసన్న ఎదురుగానే తుడిచారు.

"ప్రసన్నా, నా మాట విను. నువ్వేం రాయలేదు. వాడు అడగలేదు, నువ్వు రాయలేదు. కళ్ళతో అంచనా వేసి ఎత్తేశాడు. నువ్వు చిన్నదానివి, ఒక్కసారి కేసులో పేరు ఎక్కిందంటే ఎవరూ గుమ్మం తొక్కనివ్వరు. ఈ షెడ్డు మీద పదకొండు కుటుంబాలు బతుకుతున్నాయమ్మా."

పట్టాభి గారు రాక్షసుడు కాదు. రాక్షసుడైతే ఎదురు తిరగడం తేలికయ్యేది. ఆయన భయపడ్డ మనిషి, అంతే. ఆయన భయంలో ప్రసన్నకు తలదాచుకోవడానికి చోటు దొరికింది. ఎస్సై వచ్చి, "బరువు ఎవరు చూస్తారు ఇక్కడ?" అని అడిగినప్పుడు పట్టాభి గారే జవాబు చెప్పారు. ప్రసన్న గోడ వైపు చూస్తూ నిలబడింది. అబద్ధం ఆడలేదని ఆ సాయంత్రం తనకు తాను చెప్పుకుంది. ఎంత సిగ్గులేని మాటో అది, పెదవి విప్పనివాళ్ళందరూ చెప్పుకునే మాట.

మర్నాడు మీర్‌పేట్‌లో మధు దహనానికి వెళ్ళింది. ఆ సందులో టెంటు కింద నిలబడి ఉండగానే మట్టయ్య భార్య కొమురమ్మ వచ్చింది. మొగుడు కాలు కట్టుతో దవాఖానలో పడి ఉంటే, ఆమె ఆటో చేసుకుని ఆఖరి చూపుకు వచ్చింది. మధు మట్టయ్య ఇంట్లో తిన్న రోజులు, తన ఇంట్లో తిన్న రోజుల కంటే ఎక్కువ.

మధు తమ్ముడు ఆమెను గేటు దగ్గరే ఆపాడు.

"ఏం మొకం పెట్టుకోని ఒచ్చినవ్? మా అన్నను సంపిండు నీ మొగడు. తూకం తెలువనోడు గొలుసెట్ల పట్టిండు? పో ఈడికెళ్ళి!"

కొమురమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. తెచ్చిన పూలదండ అక్కడ రోడ్డు మీద ఎక్కడ పెట్టాలో తెలియక, ఒక స్కూటరు సీటు మీద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. ప్రసన్న ఇరవై అడుగుల దూరంలో ఉంది. ఇరవై అడుగులు. మూడు మాటలు చాలు. 'తూకం రాసింది నేను.' ఆ మూడు మాటలు అనకుండా ఆమె టెంటు గుంజ చాటుకు జరిగింది. దిల్‌సుఖ్‌నగర్ ఇంటికి చేరాక స్నానం చేస్తూ ఏడ్చింది. నీళ్ళ చప్పుడులో తండ్రికి వినపడకూడదని.

నాలుగో రోజు, ఆదివారమైనా, పట్టాభి గారు ఆమెను ఆఫీసుకు పిలిచి గొంతు తగ్గించి చెప్పారు. "రేపు పదింటికి ఎస్సై దవాఖానకెళ్ళి మట్టయ్య వాంగ్మూలం తీసుకుంటాట్ట. మనిషి తెలివిగానే ఉన్నాడు. నువ్వేం కంగారు పడకు. నేను మాట్లాడతాను వాడితో."

ఆ మాట విన్నాక ప్రసన్నకు ఒకటి తెలిసిపోయింది. రేపు పది గంటలు దాటితే మధు చావు శాశ్వతంగా మట్టయ్య పేరు మీద ఉండిపోతుంది. అల్మాస్‌గూడలో, మీర్‌పేట్‌లో, షెడ్డులో, ఎక్కడైనా. ఆ మనిషి జీవితమంతా అంకె లేకుండా చెయ్యి వేయలేదు. అంకె లేకుండా చెయ్యి వేసి మనిషిని చంపినవాడిగా బతుకుతాడు. దాన్ని ఆపడం ఆమె చేతిలో పని. ఇంకెవరి చేతిలోనూ లేదు.

*

పొద్దున ఎనిమిదింటికే దవాఖానకు వెళ్ళింది. మూడో అంతస్తు. కొమురమ్మ వరండాలో టిఫిన్ డబ్బా కడుగుతోంది. ప్రసన్నను చూసి కళ్ళు తుడుచుకుంది.

"ఒచ్చినవా బిడ్డా. రా. షెడ్డోళ్ళు ఒక్కలు రాలే నువ్వు తప్ప." ఆ మాటలో కృతజ్ఞత ఉంది. ప్రసన్నకు నేల చీలితే బాగుండనిపించింది.

మట్టయ్య మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. ఎడమ కాలు మోకాలి దాకా కట్టు. మడమ నిలబడుతుందో లేదో ఇంకా చెప్పలేమన్నారట. గడ్డం తెల్లగా మొలిచింది. నాలుగు రోజుల్లో ఇంత ముసలివాడు ఎలా అయ్యాడో.

"కాకా," అంది ప్రసన్న.

"కూసో బిడ్డా. నాకొక్కటే సమజైతలేదు. నువ్వొస్తె అడుగుదామనుకుంటున్న." అతను చేత్తో గాలిలో చదరం గీశాడు. "అయిదొందలు. అయిదొందలకు ముప్పావు టన్ను కొక్కెం ఎట్ల ఇప్పుకున్నది? నేనే ఎక్కడ్నో తప్పు జేసిన. గొలుసు మెలివడ్డదా? ఒక పక్కకు గుంజినానా? పండుకుంటె గదే. నాలుగు రోజుల సంది గదే. మధు ఇంటోళ్ళకు ఏం జెప్పాలె నేను? ఎట్ల సంపిన్నో తెల్వకుంట సంపిన."

ప్రసన్న చేతులు ఒకదానిలో ఒకటి నొక్కుకుంది. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు ఏం చెప్పాలో వరసగా అనుకుని వచ్చింది. ఆ వరసంతా ఎగిరిపోయింది.

"అయిదొందలు కాదు కాకా."

"ఏంది?"

"అయిదొందలు రింగు బరువు. కోసినంక మిగిలేది. నువ్వెత్తింది నిండు ప్లేటు. పదమూడొందల ఇరవై. డ్రాయింగుల ఉన్నది చూసి రాసిన. ప్లేటు చూడలే. టేపు తీస్కరాలే. తప్పు నాది కాకా. నువ్వొచ్చి అడిగినవ్, నేను తల గూడ ఎత్తలే. ఎస్సై ఒస్తుండు. ఆయనకు చెప్తా. అందుకే ఒచ్చిన."

ఒక్క గుక్కలో చెప్పేసింది. చెప్పాక ఊపిరి పీల్చుకుంది. చెంప మీద కొడతాడనుకుంది. కొట్టాలని కోరుకుంది కూడా.

మట్టయ్య ఆమెను తిట్టలేదు. అసలు ఆమె వైపే చూడలేదు. పెదవులు కదులుతున్నాయి. ఏదో లెక్క పెడుతున్నాడు. తర్వాత మెల్లగా అతని ముఖంలో ఒక వెలుగు వచ్చింది. ఆ వెలుగును ప్రసన్న జన్మలో మరిచిపోలేదు. ఏళ్ళ తరబడి పోయిందనుకున్న వస్తువు గూట్లో దొరికినవాడి ముఖం అది.

"అయితె నా లెక్క కరెక్టేనా?"

"ఏం లెక్క కాకా?"

"నేను జేసిన గద! నువ్వు జేస్కో అన్నవ్ గదా. ప్లేటు కాడికి పోంగనె జేసిన. రెండు రెండ్లు నాలుగు. నాలుగు నలభైలు నూట అరవై. నూట అరవై ఎనిమిదులు పన్నెండొందల ఎనభై. పైన అయిదు సెంటీలు ఇడిసిపెట్టిన. పన్నెండొందల ఎనభై అన్కున్న బిడ్డా! మనసుల అన్కున్న. ఇగ ఆ సుద్ద అంకె దిక్కు జూసిన. ఇంత తేడా ఎట్లుంటది, నేనే తప్పిన, పిల్ల సదువుకున్నది, తొమ్మిదేండ్లల ఒక్కటి తప్పలే అన్కోని ఇడిసిపెట్టిన. కరెక్టే జేసిన్న? నిజంగ?"

"కరెక్టే చేసినవ్ కాకా," అంది ప్రసన్న. "నువ్వే కరెక్టు."

మట్టయ్య నవ్వాడు. పిల్లవాడిలా నవ్వాడు. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే ఆగిపోయింది. అతని కళ్ళు కట్టు కట్టిన కాలి మీదికి వెళ్ళాయి. అక్కడి నుంచి ఎదురు గోడ మీదికి వెళ్ళాయి. వెలుగు వచ్చినంత మెల్లగా పోలేదు. ఒక్కసారే పోయింది.

"పన్నెండొందల ఎనభై," అన్నాడు మళ్ళీ. ఈసారి ప్రశ్న లేదు. "నాకు తెలుసు. నాకు తెలిసే ఉండె."

"కాకా, అట్ల కాదు..."

"పెద్ద పుల్లీ గేటు కాడ ఉండె. అరగంట పని. మధు గాడు అన్నడు గూడ, మామా పెద్దది తెద్దమా అని. నేనే వద్దన్న. పిల్ల రాసింది సాలు అన్న."

ప్రసన్నకు ఆ సంగతి తెలియదు. మధు అడిగాడని ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి అక్కడ ఉన్నది వాళ్ళిద్దరే.

"కాకా, తప్పు అంకె రాసింది నేను. నువ్వు నన్ను నమ్మినవ్. నమ్ముడు తప్పు కాదు."

"నేను పొద్దుగాల దాక ఏమన్కున్ననో ఎర్కేనా?" మట్టయ్య గొంతు చాలా మామూలుగా ఉంది, అదే భయం వేసింది ఆమెకు. "తెల్వక సంపిన అన్కున్న. తెల్వనోనికి దేవుడు గూడ ఏమన్నడు. ఇప్పుడు నువ్వొచ్చి తెల్సి సంపినవ్ అన్నవ్."

"నేను అట్ల అనలే!"

"అన్లే బిడ్డా. నువ్వు లెక్క జెప్పినవ్. గంతే."

కొమురమ్మ టిఫిన్ డబ్బాతో లోపలికి వచ్చింది. ఇద్దరి ముఖాలూ చూసి అక్కడే ఆగిపోయింది. ఏమైందని ఎవరూ ఆమెకు చెప్పలేదు. మట్టయ్య దిండు మీద తల వాల్చి పైకప్పు చూస్తూ ఉండిపోయాడు. ఇడ్లీ తినలేదు. టీ తాగలేదు. ప్రసన్న కుర్చీలో నుంచి లేవలేకపోయింది, ఉండలేకపోయింది. మేలు చేయబోయి ఇంత కీడు చేయవచ్చని ముప్పై ఒక్కేళ్ళలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. నిజం చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. చెప్పాక అది ఎవరినీ కాపాడలేదు.

పదింటికి ఎస్సై వచ్చాడు. వెంట కానిస్టేబులు, చేతిలో అట్ట, కాగితాలు. ప్రసన్న వెంటనే లేచి నిలబడింది.

"సార్, నేను చెప్పాల్సింది ఉంది. బరువు రాసింది నేను."

ఎస్సై ఆమె వైపు ఆశ్చర్యంగా చూశాడు. "మీ సార్ ఎవరూ రాయలేదన్నాడు కదమ్మా?"

"అబద్ధం సార్. నేనే రాసిన. తప్పు రాసిన."

"ఉండు. మీది తర్వాత రాస్తాను. ముందు ఈయనది." ఎస్సై కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు. "చెప్పు పెద్దాయనా. బరువు ఎంతో తెలియకుండానే ఎత్తావా? లేకపోతే ఈ అమ్మాయి రాసిన అంకె చూసి ఎత్తావా?"

ప్రసన్న మనసులో దండం పెట్టుకుంది. ఒక్క ముక్క చెబితే చాలు. అంకె చూసి ఎత్తిన అంటే చాలు. అది నిజం కూడా.

"తెలుసు సార్," అన్నాడు మట్టయ్య. "పన్నెండొందల ఎనభై. ఎత్తకముందే లెక్క జేసిన. కరెక్టుగనె జేసిన. గా చిన్న పుల్లీ దానికి ఆగదని నాకు తెలుసు. తెలిసే ఎత్తిన."

ఎస్సై కలం ఆపాడు. "తాతా, తెలిసి ఎత్తానంటే కేసు వేరేగా అవుతుంది. ఆలోచించుకుని చెప్పు."

"కాకా, నీకు దండం పెడ్త!" ప్రసన్న మంచం కోడు పట్టుకుంది. "సార్, ఈయన నన్ను అడిగిండు. నేనే వినలే. నా అంకె చూసే ఎత్తిండు."

"ఆమె రాస్తె రాసింది సార్. ఆమె ప్లేటు చూడకుంట రాసింది. నేను చూసిన. చూసి, లెక్కజేసి, ఎత్తిన. మధు అడిగిండు గూడ. రాసుకోండ్రి."

ఎస్సై కొంచెంసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అతనికి ఏం అర్థమైందో తెలియదు. రాయడం మొదలుపెట్టాడు. అంకె దగ్గరికి వచ్చినప్పుడు, "ఎంతన్నావు?" అని అడిగాడు. మట్టయ్య ఒక్కొక్క అంకే విడదీసి చెప్పాడు, తప్పు రాసుకుంటాడేమో అన్నట్టు. కొమురమ్మ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది.

రాయడం అయ్యాక చదివి వినిపించారు. మట్టయ్య అవునన్నాడు. సంతకం రాదు కాబట్టి కానిస్టేబులు ఇంకు డబ్బీ తెరిచి ముందుకు జరిపాడు. మట్టయ్య ఎడమ బొటనవేలు ముంచి, కాగితం మీద గట్టిగా అద్దాడు.

"ఇక మీది చెప్పమ్మా," అని ఎస్సై ఇంకో కాగితం తీశాడు.

ప్రసన్న చెప్పడం మొదలుపెట్టింది. మట్టయ్య వింటున్నాడో లేదో తెలియదు. అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఇంకు అంటిన బొటనవేలిని దుప్పటికి తుడుచుకుంటున్నాడు, తుడుచుకుంటూనే ఉన్నాడు.